బావమరిది అప్పుకు ష్యూరిటీ: ఆ తొమ్మిది పేజీల్లో ఏముంది?

తెనాలిలో రెడీమేడ్ బట్టల దుకాణం నడుపుతున్న ఒకాయన కిందటి నెల ఒక సాయంత్రం ప్లాస్టిక్ కవర్లో తొమ్మిది పేజీల కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయన బావమరిదికి ఒంగోలులో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. బ్యాంకు అతనికి 25 లక్షల రూపాయల క్యాష్ క్రెడిట్ లిమిట్ ఇవ్వడానికి ఒప్పుకుంది కాని, బయటివాళ్లు ఒకరు ష్యూరిటీ ఉండాలని షరతు పెట్టింది. తమ్ముడి మాట కాదనవద్దని ఇంట్లో ఆవిడ పట్టుబట్టారు.

"ఆస్తి కాగితాలేమీ ఇవ్వనక్కర్లేదు సార్. ఊరికే సంతకమేనట. అయినా ఒకసారి మీకు చూపిద్దామనిపించింది" అన్నారు.

ఆ "ఊరికే సంతకమే" అన్న మాట బ్యాంకు ఉద్యోగంలో ఉండగా నేనూ చాలామందికి చెప్పాను. అది అబద్ధమని అప్పుడు అనిపించలేదు. పది మందిలో తొమ్మిది మంది విషయంలో ఆ కాగితం నిజంగానే బీరువాలో పడి ఉండి, అప్పు తీరిపోయాక చెల్లిపోతుంది. పదో మనిషి కథ తెలిసేది రికవరీ విభాగంలో పనిచేసిన వాళ్లకు. నేను చివరి నాలుగేళ్లు అక్కడే ఉన్నాను.

ఆయన మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. "వాడు కట్టకపోతే ముందు వాడి సరుకు అమ్ముకుంటారు, వాడి ఆస్తి చూస్తారు, అప్పటికీ తక్కువైతేనే కదా నా దగ్గరికి వచ్చేది?"

కాదు. ష్యూరిటీ గురించి మన ఊళ్లలో ఉన్న అపోహల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇదే. హామీదారు అంటే వరుసలో వెనకాల నిలబడ్డ మనిషి అని అనుకుంటాం. చట్టం దృష్టిలో అతను అప్పుదారు పక్కనే నిలబడ్డాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ ఒక్క వాక్యంలో ఈ మాట చెబుతుంది: ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పుదారుకు ఎంత బాధ్యత ఉందో హామీదారుకూ అంతే ఉంటుంది. అప్పుదారు బాకీ పడిన రోజున బ్యాంకు ఇద్దరినీ అడగవచ్చు, ఇద్దరిలో ఎవరినైనా ముందు అడగవచ్చు.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బిహార్‌లో ఒక బ్యాంకు తన అప్పు గురించి అప్పుదారు మీద, హామీదారు మీద దావా వేసింది. కింది కోర్టు డిక్రీ ఇస్తూ, ముందు అప్పుదారు దగ్గర ఉన్న దారులన్నీ అయిపోయాకే హామీదారు జోలికి వెళ్లాలని ఒక షరతు పెట్టింది. మనకు ఎంతో న్యాయంగా కనిపించే షరతు. 1968లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుదారుతో తగవు తేలేదాకా ఆగమంటే ఇక హామీ ఎందుకు, ఆ తగవు తప్పించుకోవడానికే కదా బ్యాంకు హామీ తీసుకున్నది అన్నది తీర్పు సారాంశం. బ్యాంక్ ఆఫ్ బిహార్ వర్సెస్ దామోదర్ ప్రసాద్ అనే ఆ తీర్పును రికవరీ కేసుల్లో బ్యాంకు వకీళ్లు ఇప్పటికీ చూపిస్తూనే ఉంటారు.

దీనికి కారణం వ్యాపారి మనసుకు తేలిగ్గానే అందుతుంది. బావమరిది మీద ఉన్న నమ్మకంతోనే బ్యాంకు ఇవ్వగలిగితే మీ సంతకం అడగదు. మీ దుకాణం, మీ ఇల్లు, పాతికేళ్లుగా మీరు నిలబెట్టుకున్న పేరు చూసి ఇస్తోంది. సరుకు మీ వాకిట్లో దిగలేదు కాని, అరువు మీ మొహం చూసే ఇచ్చారు.

మరి ప్రతిఫలం సంగతి? "నాకు రూపాయి రాలేదు కదా సార్, నేనెందుకు కట్టాలి" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. అదే చట్టంలో 127వ సెక్షన్ దీనికి జవాబు ముందే రాసి పెట్టింది. అసలు అప్పుదారుకు మేలు జరిగితే చాలు, హామీదారుకు విడిగా ఏమీ ముట్టనక్కర్లేదు.

ఆయన రెండో ప్రశ్న: "సరే, 25 లక్షలే కదా. అంతకు మించి నా మీద పడదు కదా?"

నాలుగో పేజీ తీసి చూపించాను. అక్కడ 25 లక్షల అంకె పక్కనే వడ్డీ, చార్జీలు, కోర్టు ఖర్చులు, వకీలు ఫీజులు అని రాసి ఉంది. అంకె అసలుకే పరిమితం, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. దానికంటే ముఖ్యమైన మాట అదే పేజీ కింద ఉంది. ఇది కొనసాగే హామీ.

క్యాష్ క్రెడిట్ అంటే ఇంటి అప్పులా నెలనెలా తరిగేది కాదు. ఇంటి అప్పులో ఐదేళ్ల తర్వాత బాకీ తగ్గి ఉంటుంది, ష్యూరిటీ భారం కూడా దానితో పాటే తగ్గుతుంది. క్యాష్ క్రెడిట్ ఖాతా బావి లాంటిది. పగలు తోడతారు, రాత్రికి ఊరుతుంది. ఈ నెల ఖాతా మొత్తం జమ అయి బాకీ సున్నా కావచ్చు. "అప్పు తీరిపోయింది, నా సంతకమూ పోయింది" అని మీరు అనుకుంటారు. పోలేదు. వచ్చే నెల అతను మళ్లీ పాతిక లక్షలు తీసుకుంటే దానికీ మీరే హామీ. లిమిట్ ఉన్నంతకాలం మీరూ ఉంటారు.

బ్యాంకువాళ్లు రెండు మూడేళ్లకోసారి ఒక చిన్న కాగితం పట్టుకుని దుకాణానికి వస్తారు. బాకీ ఇంత ఉందని ఒప్పుకుంటూ చేసే సంతకం అది. మా శాఖల్లో దాన్ని రివైవల్ లెటర్ అనేవాళ్లం. గిరాకీ సమయంలో వస్తే ఎవరూ చదవరు, సంతకం పెట్టి పంపేస్తారు. దావా వేయడానికి చట్టం ఇచ్చే మూడేళ్ల గడువు ఆ సంతకంతో మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నిజానికి ఆ కాగితం వచ్చిన రోజే ఖాతా ఎలా నడుస్తోందని అడగడానికి మీకు దొరికే మంచి సమయం. స్టేట్‌మెంటు చూపించనిదే సంతకం పెట్టనని అనవచ్చు. అలా అన్నవాళ్లు నా ఉద్యోగ కాలంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఇప్పుడు వ్యాపారం చెడిందని అనుకుని ఆయన ముందే కాగితం మీద లెక్క వేశాను. ఇది ఊహించిన లెక్కే కాని, నేను చూసిన కేసుల నడక ఇలాగే ఉండేది.

వడ్డీ ఏడాదికి 11 శాతం అనుకుందాం. లిమిట్ మొత్తం వాడేస్తే నెలకు వడ్డీ దాదాపు 22,900 రూపాయలు. ఊళ్లో పెద్ద బిల్డర్ ఒకరు బాకీ ఎగ్గొట్టారు, బావమరిది ఖాతాలో జమలు ఆగిపోయాయి. ఖాతాలో 90 రోజులపాటు జమలేవీ లేకపోయినా, వచ్చిన జమలు వడ్డీకి కూడా చాలకపోయినా బ్యాంకు దాన్ని మొండి బాకీ జాబితాలోకి మారుస్తుంది. ఆ తర్వాత మొత్తం బాకీ వెంటనే కట్టమని నోటీసు వస్తుంది. ఒక ప్రతి ఒంగోలుకు, ఇంకొకటి తెనాలికి, రెండూ ఒకే రోజు బయలుదేరతాయి.

ఆ నోటీసు అందేవరకు తెనాలి దుకాణదారుకు ఏమీ తెలియకపోవచ్చు. బావమరిది సిగ్గుపడి చెప్పడు. ఖాతా నీరసిస్తున్న సంగతి హామీదారుకు ఎప్పటికప్పుడు చెప్పే అలవాటు బ్యాంకులకు లేదు.

బ్యాంకు గోదాము తనిఖీకి వెళ్తుంది. నెలనెలా ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంట్లలో 32 లక్షల సరుకు ఉంటుంది, గోదాములో ఆరు లక్షలది కనిపిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము, గడ్డకట్టిన సిమెంటు అమ్మితే నాలుగు లక్షలు వచ్చాయని అనుకుందాం. బావమరిది ఇల్లు భార్య పేరున ఉంది, ఆమె ఎక్కడా సంతకం పెట్టలేదు. బాకీ 20 లక్షలు దాటింది కాబట్టి కేసు సివిల్ కోర్టుకు కాకుండా రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్తుంది. మన తెలుగు రాష్ట్రాల్లో అవి హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. తొలి వాయిదా నుంచి ఉత్తర్వు దాకా పద్నాలుగు నెలలు పట్టిందంటే, ముందు కట్టని వడ్డీ, ఆ నెలల వడ్డీ, ఖర్చులు కలిపి బాకీ సుమారు 29.5 లక్షలు అవుతుంది. అందులో సరుకు అమ్మిన నాలుగు లక్షలు తీసేస్తే 25.5 లక్షలు.

"మీకు అదే బ్యాంకులో డిపాజిట్ ఏమైనా ఉందా?" అని అడిగాను. అమ్మాయి పెళ్లికని దాచిన ఆరు లక్షలు ఉన్నాయన్నారు. ఆరో పేజీలో ఒక నిబంధన ఉంది. హామీదారుకు బ్యాంకులో ఉన్న ఏ ఖాతా నుంచైనా, ఏ డిపాజిట్ నుంచైనా బాకీకి జమ వేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుందని. నోటీసు ఇచ్చాక ముందుగా చేయి పడేది దాని మీదే, ఎందుకంటే దానికి ట్రైబ్యునల్ కూడా అక్కర్లేదు. ఆరు పోతే మిగిలింది 19.5 లక్షలు. దానికోసం వసూలు అధికారి మీ దుకాణం గదిని జప్తు చేయించవచ్చు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను దుకాణం కాగితాలు తాకట్టు పెట్టలేదు కదా" అన్నారు.

ఆ తేడా నిజంగానే ఉంది. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తాకట్టు ఇచ్చి ఉంటే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, ఏ కోర్టు డిక్రీ లేకుండానే ఆ ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. సంతకం మాత్రమే పెట్టినవాళ్ల మీద ఆ దారి పనికిరాదు, బ్యాంకు కోర్టుకో ట్రైబ్యునల్‌కో వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. అంటే మీకు కొంత సమయం దొరుకుతుంది, మీ వాదన చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. మరో వైపు చూస్తే, తాకట్టు ఇచ్చినవాడికి పోయేది ఏ ఆస్తో ముందే తెలుసు. ఉత్త సంతకం పెట్టినవాడు ఏ ఒక్క ఆస్తినీ ఇవ్వలేదు కాబట్టి, ఉత్తర్వు వచ్చిన రోజున అతని పేరున ఉన్న ఏ ఆస్తి మీదికైనా వెళ్లవచ్చు. జీతంలో కొంత భాగం, ప్రావిడెంట్ ఫండ్ లాంటి వాటిని చట్టం కాపాడుతుంది. దుకాణదారుకు అవి ఎక్కడుంటాయి?

హామీదారును చట్టం పూర్తిగా గాలికి వదిలేయలేదు. కాంట్రాక్టు చట్టం రాసినవాళ్లు అతని మీద కొంత జాలి చూపించారు. బ్యాంకూ అప్పుదారూ మీకు చెప్పకుండా షరతులు మార్చుకుంటే, ఆ తర్వాత జరిగిన లావాదేవీలకు మీరు బాధ్యులు కారు. మీ ఒప్పుకోలు లేకుండా అప్పుదారుకు గడువు పెంచుతానని బ్యాంకు ఒప్పందం చేసుకుంటే మీరు విముక్తులవుతారు. బ్యాంకు తన చేతిలో ఉన్న తాకట్టును పోగొడితే, దాని విలువ మేరకు మీ భారం తగ్గుతుంది. ఈ చివరి మాట మీద 1980లో సుప్రీంకోర్టు ఒక హామీదారును గట్టెక్కించింది కూడా. ఆ కేసులో సరుకు బ్యాంకు అధీనంలోనే ఉంది, బ్యాంకు అజాగ్రత్త వల్ల పోయింది. హార్డ్‌వేర్ దుకాణం సంగతి వేరు. అక్కడ సరుకు బావమరిది గోదాములోనే ఉంటుంది, తాళం అతని దగ్గరే. అది పోయిందంటే బ్యాంకు తప్పని నిరూపించడం కష్టం.

ఏడో పేజీకి వచ్చాం. అక్కడ ఒక పేరాలో వరసగా అంకెలున్నాయి: 133, 134, 135, 139, 141. చూడగానే ఏదో ఫోను నంబరులా ఉంటుంది, ఎవరూ ఆగరు. అవి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్లు, నేను పైన చెప్పిన రక్షణలన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. వాటన్నిటినీ వదులుకుంటున్నానని హామీదారు ఒప్పుకుంటున్నట్టు ఆ పేరా చెబుతుంది. చట్టం ఒక చేత్తో ఇచ్చినదాన్ని ఫారం రెండో చేత్తో తీసేసుకుంటుంది. నేను చూసిన హామీ పత్రాల్లో ఈ పేరా లేనిది ఒక్కటీ లేదు. మొత్తం తొమ్మిది పేజీల్లో ఒక్క పేరానే చదివే ఓపిక ఉంటే అదే చదవండి.

మధ్యలో తప్పుకోవడం కుదరదా? కొనసాగే హామీని ముందు జరగబోయే లావాదేవీల వరకు నోటీసు ఇచ్చి ఉపసంహరించుకోవచ్చని 130వ సెక్షన్ అంటుంది. అప్పటిదాకా ఉన్న బాకీ మాత్రం మీ మీదే ఉంటుంది. కాని ఆ హక్కును కూడా ఫారంలో వదులుకుని ఉంటే, నోటీసు ఇచ్చినా లాభం లేదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ హామీదారు ముందుగానే ఉపసంహరించుకున్నానని వాదించారు, ఒప్పందంలో రాసిచ్చిన మాటే ఆయనను కట్టేసింది. మామూలుగా మిగిలే దారి ఒకటే. లిమిట్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు మీ బదులు వేరే హామీదారునో, తాకట్టునో చూపించి, మిమ్మల్ని విడుదల చేసినట్టు బ్యాంకు చేత కాగితం రాయించుకోవాలి. నోటి మాటగా "మీ పేరు తీసేశాం లెండి" అంటే నమ్మవద్దు.

మనిషి పోతే? హామీ అతనితోనే పోదు. అప్పటికి ఉన్న బాకీ, అతను వదిలి వెళ్లిన ఆస్తి మేరకు వారసుల మీదికి వస్తుంది. కొడుకు సొంత సంపాదన మీదికి రాదు కాని, తండ్రి నుంచి వచ్చిన దుకాణం మీదికి వస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అప్పు చక్కగా నడుస్తున్నా మీ క్రెడిట్ రిపోర్టులో ఈ హామీ కనిపిస్తూనే ఉంటుంది. రేపు దసరాకు సరుకు కోసం మీరే పది లక్షలు అడిగితే, బ్యాంకు మీ లెక్కలో ఈ పాతిక లక్షలను కూడా చూస్తుంది. బావమరిది ఖాతా మొండి బాకీ అయితే ఆ మచ్చ మీ రిపోర్టుకూ అంటుతుంది.

ఒకవేళ కట్టాల్సి వస్తే, కట్టిన క్షణం నుంచి మీరు బ్యాంకు స్థానంలోకి వెళ్తారు. బ్యాంకుకు అప్పుదారు మీద ఉన్న హక్కులు మీకు వస్తాయి, ఎంత కట్టారో అంత అతని నుంచి రాబట్టుకోవచ్చు. దావా వేయడానికి కట్టిన రోజు నుంచి మూడేళ్లు గడువు. మీతో పాటు ఇంకొకరు ష్యూరిటీ ఉంటే, మీ మధ్య సమానంగా పంచుకోవాలి. బ్యాంకు మాత్రం మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, ఆ తర్వాత వాటా కోసం రెండో మనిషి చుట్టూ మీరు తిరగాలి. కట్టేవాడు రసీదులో "హామీదారు హోదాలో చెల్లించినది" అని రాయించుకోవడం మరిచిపోకూడదు. బ్యాంకు రాయితీ ఇచ్చి సెటిల్‌మెంటుకు ఒప్పుకున్నా, ఆ ఉత్తరంలో హామీదారు విడుదలైనట్టు స్పష్టంగా ఉండాలి. అప్పుదారుతో తేల్చుకుని హామీదారు మీద మిగతాది అడిగిన సందర్భాలు ఉన్నాయి, ఏడో పేజీ పేరా అందుకే ఉంది.

హక్కు ఉండటం వేరు, డబ్బు రావడం వేరు. బ్యాంకుకే వసూలు కానిది మీకు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే అడగాల్సినవన్నీ సంతకానికి ముందే అడగాలి.

ఆయనకు నేను చెప్పినవి మూడే. ఒకటి, హామీకి పరిమితి పెట్టించండి. అసలు, వడ్డీ, ఖర్చులు అన్నీ కలిపి పది లక్షలకు మించకూడదని ఫారంలోనే రాయమనండి. బ్యాంకు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, అడగడంలో తప్పు లేదు. రెండు, అప్పు తీసుకున్నవాడి ఇల్లు ముందు తాకట్టులోకి రావాలి. ఇల్లు అతని భార్య పేరున ఉంది కాబట్టి ఆవిడ కూడా హామీదారుగా సంతకం పెట్టాలి. మీరు కట్టాల్సి వస్తే ఆ తాకట్టు మీ చేతికి వచ్చే అవకాశం ఉంటుంది, అదీ ఏడో పేజీలోంచి తాకట్టు గురించి చెప్పే 141 అంకెను కొట్టేయిస్తేనే. మూడు, మీ పెళ్లి డిపాజిట్ వేరే బ్యాంకుకు మార్చండి.

ఇవి కాక చిన్నవి రెండు ఉన్నాయి. ఖాళీలు వదిలిన ఫారం మీద సంతకం పెట్టకూడదు. ఆయన తెచ్చిన ప్రతిలో మూడో పేజీలో తేదీ, అప్పు మొత్తం దగ్గర గీతలు ఖాళీగానే ఉన్నాయి. సంతకం అయ్యాక పూర్తి చేసిన పత్రం నకలు, అప్పు మంజూరు ఉత్తరం నకలు అడిగి తీసుకోవాలి. ఏళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు తామేం రాసిచ్చారో చూసుకోవడానికి కాగితం లేనివాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవాళ్లు.

మరుసటి రోజు ఆయన శాఖకు వెళ్లి మేనేజరును అడిగారు. ఇల్లు తాకట్టులోకి వస్తే హామీని పది లక్షలకు పరిమితం చేయడానికి పై ఆఫీసుకు రాస్తానని, అప్పుడు 141 సంగతీ చూద్దామని మేనేజరు అన్నారట. ఆ మాట ఒంగోలుకు ఫోనులో చెప్పారు. రోజూ రెండుసార్లు ఫోను చేసే బావమరిది ఎనిమిది రోజులు చేయలేదు. తొమ్మిదో రోజు అతని భార్య చేసింది, తన ఇంటి దస్తావేజు బ్యాంకులో పెడితే ఏమవుతుందో అడగడానికి. ఈయన ఆమెకు నా నంబరు ఇచ్చారు.